పండుగ ప్యాకేజీ ప్రపోజల్: షాపు యజమాని చదివేలా ఎలా రాయాలి?

ప్రశ్న: నేను హనుమకొండలో బీకాం ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. తెలుగులో యాడ్స్ బాగా రాస్తానని అంటారు. బతుకమ్మ, దసరాకు ఒక చీరల షాపుకు ప్రచారం రాసి పెడతానని ప్రపోజల్ పంపాలనుకుంటున్నాను. రెండు పేజీలు రాశాను కానీ అంతా నా గురించే ఉంది. ఏం రాయాలి, ఎంత అడగాలి?

జవాబు: ఆ రెండు పేజీలు పక్కన పెట్టి, ముందు ఒక సాయంత్రం ఆ షాపు దగ్గరికి వెళ్లి చూడండి. వచ్చినవాళ్లు ఏం అడుగుతున్నారు, బోర్డు మీద ఏముంది, ఏం లేదు? ఉదాహరణకు, మేడ మీద బ్లౌజులు కుట్టే టైలర్ ఉన్నా ఆ మాట బోర్డు మీద ఎక్కడా లేదనుకుందాం. పండుగ దగ్గర పడితే టైలర్లు కొత్త బట్ట తీసుకోరు. చీర కొనేవాళ్లకు అసలు టెన్షన్ అదే. మీ ఉత్తరం అక్కడే మొదలవ్వాలి.

మరో సంగతి. చాలామంది తొమ్మిది రోజులకూ తొమ్మిది శుభాకాంక్షల పోస్టులు ఇస్తామంటారు. బ్లౌజ్ కుట్టించుకోవాలి కాబట్టి ఎంగిలిపూల బతుకమ్మ నాటికే చాలా ఇళ్లలో చీరలు కొనడం అయిపోతుంది. ప్రచారం అంతకు రెండు వారాల ముందే మొదలవ్వాలి. అంటే మీ ఉత్తరం వినాయక చవితికి ముందే షాపు యజమాని చేతిలో ఉండాలి.

ఇలా రాయవచ్చు:

"నమస్తే సర్. నేను ఈ ఊళ్లోనే ఉంటాను, షాపులకు తెలుగులో ప్రకటనలు రాస్తాను. మొన్న మీ షాపుకు వచ్చినప్పుడు చూశాను, మేడ మీద బ్లౌజులు కుడుతున్నారు. బయట బోర్డు మీద ఆ మాట లేదు. పండుగకు ఆ మాటే ముందు పెట్టి ఇలా చెప్పవచ్చు: 'బిడ్డ బతుకమ్మకు ఇంటికి వచ్చేసరికి చీరే కాదు, బ్లౌజు కూడా రెడీ.'

ఈ పండుగకు నేను రాసి ఇచ్చేవి: ఒక ఫ్లెక్సీకి, ఒక కరపత్రానికి మాటలు, ఆటో మైకుకు 30 సెకన్ల ప్రకటన, వాట్సాప్ స్టేటస్‌కు 9 మెసేజ్‌లు. వాటిలో 6 పండుగకు ముందు, 3 బతుకమ్మ రోజుల్లో దసరా బట్టల కోసం. మొత్తం 6,000 రూపాయలు. సగం మొదట్లో, సగం అన్నీ ఇచ్చాక. డిజైన్, ప్రింటింగ్, ఆటో కిరాయి ఇందులో లేవు.

మీ నుంచి కావలసినవి: ఆఫర్లు, ధరలు ఎంగిలిపూల రోజుకు 20 రోజుల ముందు చెప్పాలి. మార్పులు రెండుసార్లు చేసి ఇస్తాను. మీరు సరేనంటే ఈ వారంలో ఒక మధ్యాహ్నం వచ్చి కలుస్తాను."

అంతే, ఒక పేజీ దాటకూడదు. ఆయన దీన్ని కౌంటర్ దగ్గర నిలబడి చదువుతారు.

6,000 ఎలా వచ్చిందంటే, ఈ పనికి మీకు 20 గంటలు పడుతుందని, గంటకు 300 అని లెక్క వేశాను. మీ వేగాన్ని బట్టి మార్చుకోండి. షాపుకు వెళ్లి మాట్లాడే సమయాన్ని, మార్పులు చేసే సమయాన్ని కూడా కలపండి. కొత్తవాళ్లు నష్టపోయేది అక్కడే. రెండుసార్లు అని హద్దు పెట్టకపోతే యజమాని ఒకటి, ఆయన తమ్ముడు ఒకటి, లెక్కలు చూసే ఆయన ఇంకొకటి చెబుతారు. ఫ్లెక్సీ ప్రింటుకు వెళ్లే ముందు ధర, ఫోన్ నంబరు సరిచూసుకుని ఆయన దగ్గర వాట్సాప్‌లో 'ఓకే' తీసుకోండి. తప్పు పడితే మళ్లీ ప్రింటు ఖర్చు ఎవరిదన్న గొడవ రాదు.

అమ్మకాలు ఇంత పెరుగుతాయని మాత్రం రాయకండి. సరుకు, ధర, వాన, ఏవీ మీ చేతిలో లేవు. అలాగే రెండు రకాల మీదే డిస్కౌంట్ ఉంటే 'అన్ని చీరలపై 50 శాతం' అని రాయమన్నా ఒప్పుకోవద్దు. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. దానివల్ల ఆయనకే ఇబ్బంది రావచ్చని చెప్పండి.

వాట్సాప్ గురించి కలిసినప్పుడు ఒక మాట చెప్పాలి. షాపు నంబరును ఫోన్‌లో సేవ్ చేసుకోనివాళ్లకు స్టేటస్ కనబడదు, బ్రాడ్‌కాస్ట్ లిస్టు మెసేజ్ కూడా చేరదు. ఇప్పటి నుంచే బిల్లు ఇచ్చేటప్పుడు 'కొత్త చీరలు వస్తే చెబుతాం, మా నంబర్ సేవ్ చేసుకోండి' అని కౌంటర్ దగ్గర అడిగించమనండి. అది చేయకపోతే మీ 9 మెసేజ్‌లు చూసేవాళ్లే ఉండరు.

ఉత్తరాన్ని వాట్సాప్‌లో పంపినా, ఒక ప్రింటు తీసుకుని గిరాకీ లేని మధ్యాహ్నం మూడు గంటల వేళ వెళ్లండి. "4,000కు చేయవా?" అని అడగడం ఖాయం. అదే పని తక్కువకు ఒప్పుకుంటే వచ్చే సంక్రాంతికీ అదే రేటు. "సరే సర్, మైకు ప్రకటన, దసరా మెసేజ్‌లు తీసేసి 4,000కు చేస్తాను" అనండి. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఆయన్నే ఎంచుకోనివ్వండి.