పిడుగు కడ్డీలో మొన చేసే పనేమిటి?

మేడ మీద మొనదేలిన లోహపు కడ్డీ పెడితే పిడుగు నుంచి రక్షణ ఎలా వస్తుంది? దీన్ని మొదట ఎలా పరీక్షించారు?

ఆలోచన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ది, మొదట పరీక్షించింది ఫ్రాన్స్‌లో. చార్జి ఉన్న గోళం దగ్గరికి సూదిమొన తెస్తే చార్జి నిశ్శబ్దంగా జారిపోవడం ఆయన చూశాడు. మేఘాన్నీ అలాగే ఖాళీ చేయవచ్చనుకున్నాడు. 1752 మే 10న పారిస్ దగ్గరి మార్లీ గ్రామంలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త దాలిబార్ పెట్టించిన సుమారు 40 అడుగుల ఇనుప కడ్డీని నేలకు తగలకుండా సీసాలపై నిలిపారు. ఉరుములు మొదలవగానే కాపలా మనిషి దాన్నుంచి నిప్పురవ్వలు రప్పించాడు. అదృష్టం, దాని మీద పిడుగు పడలేదు!

ఇంటి కడ్డీని మాత్రం భూమికి కలపాలి. ఫ్రాంక్లిన్ అనుకున్నట్టు మేఘాన్ని ఖాళీ చేయడం మొన వల్ల కాదు. దిగివచ్చే పిడుగుకు ఎత్తైన కడ్డీ కొన నుంచి ఒక విద్యుత్ పాయ ఎదురువెళ్లి కలుస్తుంది; కరెంటు మందపాటి తీగ వెంట నేలలోకి పోతుంది. తీగ తెగితే మాత్రం గోడలోకి దూకుతుంది.