ఎక్స్ఛేంజ్ మునిగితే మీ కాయిన్‌కి ఏ రోజు ధర కడతారు?

ప్రశ్న: నా దగ్గర సుమారు రెండు లక్షల రూపాయల బిట్‌కాయిన్ ఎక్స్ఛేంజ్‌లోనే ఉంది. ఫ్రెండ్ హార్డ్‌వేర్ వాలెట్, అదే కాయిన్ల తాళాన్ని మన దగ్గరే ఉంచుకునే చిన్న పరికరం, కొనుక్కోమంటున్నాడు. అక్కడే ఉంచితే నిజంగా అంత ప్రమాదమా? ఇంతకుముందు మునిగిన ఎక్స్ఛేంజ్‌లలో జనానికి డబ్బు తిరిగి రాలేదా?

వచ్చిందండి. అసలు చిక్కు అక్కడే ఉంది. "మునిగిన ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజ్ కస్టమర్లకి నూటికి నూటపంతొమ్మిది తిరిగిచ్చారు కదా, మీరెందుకు ఊరికే భయపెడతారు" అని మా ఆఫీసులో ఒకాయన నాతో గంటసేపు వాదించాడు. ఆయన చెప్పిన అంకె తప్పు కాదు. దేని మీద నూటపంతొమ్మిది అన్నదే ఆయన చూసుకోలేదు.

ఎఫ్‌టీఎక్స్ దివాలా పిటిషన్ వేసింది 2022 నవంబర్ 11న. బిట్‌కాయిన్ అప్పటికే పడిపోయి ఉంది, పైగా ఈ గొడవతో మార్కెట్ ఇంకా కిందికి జారింది. కోర్టు ఆ రోజు ధరనే లెక్కలోకి తీసుకుంది, ఒక బిట్‌కాయిన్‌కి సుమారు 16,871 డాలర్లు. ఆ క్షణం నుంచి మీకు రావాల్సింది బిట్‌కాయిన్ కాదు, 16,871 డాలర్ల బాకీ. చిన్న ఖాతాలకి చెల్లింపులు మొదలైంది 2025 ఫిబ్రవరిలో. వడ్డీతో కలిపి 119 శాతం అంటే చేతికొచ్చేది దాదాపు 20,000 డాలర్లు. అప్పటికి బజారులో బిట్‌కాయిన్ 95,000 డాలర్ల దగ్గర ఉంది. ఒకటి పెట్టినవాడు ఆ డబ్బుతో మళ్ళీ కొనుక్కుంటే ఐదో వంతు వస్తుంది. కాగితం మీద లాభం, కాయిన్‌లో చూస్తే ఐదింట నాలుగు వంతులు పోయాయి.

మన ఊళ్ళలో చీటీలు వేసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. చీటీ నడిపే ఆవిడ దగ్గర ఉన్నది మీ డబ్బు కాదు, మీకు ఆవిడ పడిన బాకీ. ఎక్స్ఛేంజ్ యాప్‌లో కనిపించే "0.03" కూడా అంతే, వాళ్ళ పుస్తకంలో మీ పేరు పక్కన రాసుకున్న అంకె. అంతా బాగున్నప్పుడు బాకీకీ కాయిన్‌కీ తేడా కనపడదు. గేటు మూసిన రోజున కనపడుతుంది.

గేటు ఎంత త్వరగా మూసుకుంటుందో కూడా చూడండి. ఎఫ్‌టీఎక్స్ యజమానిదే అయిన ట్రేడింగ్ కంపెనీ ఆస్తుల్లో పెద్ద భాగం ఎఫ్‌టీఎక్స్ తనే పుట్టించిన టోకెన్ అని వార్త వచ్చింది నవంబర్ 2న. జనం డబ్బు తీసుకోవడం మొదలుపెట్టారు, 8న విత్‌డ్రాయల్స్ ఆగిపోయాయి, 11న దివాలా. మధ్యలో 7వ తేదీన కూడా యజమాని అంతా క్షేమమే అని ట్వీట్ చేశాడు. ఆయనకి తర్వాత 25 ఏళ్ళ జైలు శిక్ష పడింది, అది వేరే సంగతి. మొదటి వార్త నుంచి తలుపు మూసేదాకా ఆరు రోజులు. నేనైతే ఆ ఆరు రోజుల్లో పెళ్ళిళ్ళకి తిరుగుతూ ఉండేవాణ్ణి, వార్త చదివేవాణ్ణే కాదు.

ఇందుకు భిన్నంగా జరిగింది మౌంట్ గాక్స్‌లో. టోక్యోలోని ఆ ఎక్స్ఛేంజ్ 2014లో కూలినప్పుడు ఎనిమిదిన్నర లక్షల బిట్‌కాయిన్లు పోయాయన్నారు. తర్వాత పాత వాలెట్‌లో రెండు లక్షలు దొరికాయి. జపాన్ దివాలా చట్టం ప్రకారం అక్కడ కూడా ఒక కాయిన్‌కి 483 డాలర్ల చొప్పున బాకీ కట్టేశారు. అయితే కాయిన్ ధర ఎన్నో రెట్లు పెరగడంతో డబ్బు రావాల్సినవాళ్ళు పట్టుబట్టారు, 2018లో కేసు వేరే చట్టపు దారిలోకి మారింది, దాంతో కాయిన్ల రూపంలోనే తీసుకునే వీలు దొరికింది. 2024 జులైలో పంచడం మొదలుపెట్టారు. పెట్టిన కాయిన్లలో కొంత భాగమే వచ్చినా, ధర పెరిగిన కొద్దీ ఆ భాగమే పెట్టుబడికి ఎన్నో రెట్లయింది. దానికి పదేళ్ళు ఆగాలి. పదేళ్ళు పాస్‌వర్డ్, ఈమెయిల్, చిరునామా మార్చకుండా ఉండేవాళ్ళు మనలో ఎంతమంది?

ఇక నా సంగతి. నేను వాడిన ఒక యాప్‌లో (పేరు అనవసరం) కాయిన్ బయటికి పంపే బటన్ చాలాకాలం అసలు లేనే లేదు. కొనొచ్చు, అమ్మొచ్చు, పంపలేరు. అది కాయిన్ కొనడం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. యూట్యూబ్‌లో మన తెలుగు క్రిప్టో గురువులు ఒక్కరూ ఈ మాట చెప్పరు, రిఫరల్ లింక్ మాత్రం డిస్క్రిప్షన్‌లో పెడతారు. ఆ బటన్ వచ్చిన నెలలోనే హార్డ్‌వేర్ వాలెట్ తెప్పించాను, నేరుగా తయారీ కంపెనీ సైటు నుంచే. బయట షాపింగ్ సైట్లలో కొంటే ముందే ఎవరో తెరిచి, వాలెట్‌కి అసలు తాళమైన, పరికరం పోయినా కాయిన్లు తిరిగి తెచ్చే పదాలు నింపిన కార్డు పెట్టి పంపే మోసం ఉంది. పదాలు ఎప్పుడైనా మీ ఎదురుగా, పరికరం తెర మీదే పుట్టాలి. కార్డు మీద ముందే అచ్చయి వస్తే దాన్ని పక్కన పడేయండి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద కూర్చుని ఇరవైనాలుగు ఇంగ్లీషు పదాలు ఒక్కొక్కటే కాగితం మీద రాస్తున్నాను. మా ఆవిడ కూర గిన్నె తీస్తూ చూసి, "ఏమండీ, బాబుకి డిక్టేషనా?" అంది. అవునన్నాను. అది నేను చేసిన మొదటి తప్పు, దాని గురించి తర్వాత చెప్తాను.

ముందు రెండు వేల రూపాయల కాయిన్ మాత్రమే పంపాను. వచ్చింది. అక్కడితో ఆగకుండా పరికరాన్ని కావాలనే చెరిపేశాను. నాదాంట్లో పిన్ మూడుసార్లు తప్పు కొడితే మొత్తం తుడిచేస్తుంది. కాగితం చూసి ఇరవైనాలుగు పదాలూ మళ్ళీ ఎక్కించాను. చివరి పదం కొట్టగానే తెర మీద Invalid అని వచ్చింది. ఉన్నది రెండు వేలే, కానీ చేతులు చల్లబడ్డాయి. రెండోసారి ఎక్కించాను, మళ్ళీ అదే.

అరగంట తర్వాత దొరికింది. పదిహేడో పదం. నేను రాసింది `walk`. నా చేతిరాతలో ఆ చివరి అక్షరం గీత సరిగా తిరగక `wall` లాగా ఉంది. ఈ పదాలన్నీ తీసుకునే 2048 పదాల పట్టికలో రెండూ ఉన్నాయి! మొదటి నాలుగు అక్షరాలతోనే ఏ పదమో తేలిపోయేలా పట్టిక చేశారు, నిజమే. నాలుగో అక్షరమే చెడితే మాత్రం ఆ ఏర్పాటు మిమ్మల్ని కాపాడదు. అప్పటినుంచి పెద్దక్షరాల్లోనే రాస్తున్నాను.

తప్పని ఎలా పట్టుకుందంటే, ఆధార్ నంబర్ చివరి అంకె ఉంటుంది చూశారూ, ముందున్న అంకెల్ని సరిచూసేందుకు పెట్టినది, అలాంటిదే చివరి పదంలో కొంత దాగి ఉంటుంది. ఇరవైనాలుగు పదాలు వాడితే, తప్పు పదం ఆ తనిఖీని దాటిపోయే అవకాశం 256లో ఒకటి. పన్నెండు పదాల వాలెట్‌లో 16లో ఒకటి, అంటే తక్కువేమీ కాదు. దాటిపోతే "తప్పు" అని చెప్పదు. వేరే వాలెట్ తెరుచుకుంటుంది, అందులో సున్నా ఉంటుంది. మీరేమో ఎవరో దొంగిలించారనుకుంటారు. అందుకే తెరుచుకుందా అన్నది కాదు, ఆ రెండు వేలు కనపడ్డాయా అన్నది చూసుకోవాలి. అవి కనపడ్డాకే మిగతాది పంపాను.

ఇప్పుడు ఆ డిక్టేషన్ అబద్ధం. కెనడాలో క్వాడ్రిగా సీఎక్స్ అని ఎక్స్ఛేంజ్ ఉండేది. దాన్ని నడిపిన ముప్పై ఏళ్ళ కుర్రాడు 2018 డిసెంబర్‌లో మన జైపూర్‌కి వచ్చి అక్కడే జబ్బుచేసి చనిపోయాడు. తాళాలన్నీ అతనికొక్కడికే తెలుసన్నారు. సుమారు 76,000 మంది కస్టమర్లకి 21 కోట్ల కెనడా డాలర్లకు పైగా బాకీ. తీరా ఆడిటర్లు చూస్తే, ఉన్నాయనుకున్న వాలెట్లలో చాలా భాగం అతను పోవడానికి నెలల ముందే ఖాళీ. దొంగ ఖాతాలతో తనే ట్రేడింగ్ చేసి పోగొట్టాడని 2020లో అక్కడి నియంత్రణ సంస్థ తేల్చింది. మోసం సంగతి అలా ఉంచండి. ఒక్క మనిషికే తాళం తెలిస్తే ఏమవుతుందని జనం మొదట భయపడ్డారో, మా ఇంట్లో నేను సరిగ్గా అదే ఏర్పాటు చేసుకున్నాను. నాకేమైనా అయితే మా ఆవిడ ఆ కాగితాన్ని పాత పేపర్లలో వేసి కిలో లెక్కన అమ్మేస్తుంది. ఆమె తప్పేం లేదు, డిక్టేషన్ అని చెప్పింది నేనే.

మీ రెండు లక్షలకి వస్తాను. నేను కొన్నప్పుడు ఆ పరికరం ఏడెనిమిది వేలు పడింది. రోజూ కొని అమ్మేవాళ్ళయితే అవసరం లేదు, ఎటూ ఎక్స్ఛేంజ్‌లోనే ఉండాలి. ఐదేళ్ళు ముట్టుకోననుకుంటే తీసేయండి. సొంత వాలెట్‌కి పంపుకోవడం అమ్మకం కాదు, కాబట్టి అమ్మినప్పుడు కోసే ఒక శాతం టీడీఎస్ పడదు. (అమ్మినప్పుడు మాత్రం 30 శాతం పన్ను, నష్టం వస్తే ఇంకో లాభంలోంచి తీసేసుకోనివ్వరు. దీని గురించి మొదలుపెడితే తెల్లారుతుంది.) పంపేముందు మీ కొనుగోళ్ళ చిట్టా మొత్తం డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. రేపు ఆ కంపెనీ లేకపోతే ఎంతకు కొన్నారో చూపించడానికి మీ దగ్గర కాగితం ఉండదు. పదాల కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీయొద్దు, అది మీకు తెలియకుండానే క్లౌడ్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది.

మా ఇంట్లో ఇప్పుడు రెండు కాపీలున్నాయి. ఒకటి బ్యాంకు లాకర్‌లో, మా ఆవిడ నల్లపూసల పెట్టె కింద. పోయిన వేసవిలో ఆమె చేతికి చెరిపేసిన పరికరం ఇచ్చి, నేను పక్క గదిలో కూర్చున్నాను. నలభై నిమిషాలు పట్టింది. బయటికొచ్చి, "ఇందులో ఇంత ఉందా? మరి ఫ్రిజ్ మార్చడానికి డబ్బుల్లేవన్నారు!" అంది. ఫ్రిజ్ కొన్నాం.