పొగాకు ఖర్చు చిన్నదే అయినా ఇల్లు ఎందుకు ఇబ్బంది పడుతుంది?

ప్రశ్న: పొగాకుకి పోయేది ఆదాయంలో ఐదారు శాతమే కదా, అంతమాత్రానికే పేద కుటుంబంలో తిండి, ఫీజులు, పొదుపు ఎలా దెబ్బతింటాయి?

మొత్తం ఆదాయంతో పోల్చడం వల్ల అలా అనిపిస్తుంది. చేతిలో మిగిలే డబ్బుతో పోల్చి చూడండి. ఉదాహరణకి నెల ఆదాయం 100 వంతులు అనుకుందాం. అద్దె, అప్పు వాయిదాలకి 30, కడుపు నింపే తిండిగింజలకి 40, ఇంధనం, కరెంటు, ప్రయాణాలకి 18 పోతే మిగిలేది 12. అందులో 6 పొగాకుకే అయితే, ఇష్టప్రకారం వాడుకోగలిగే డబ్బులో సగం పోయినట్టే.

తిండిలో కోత అన్నం దగ్గర మొదలవదు. ముందు పాలు, గుడ్లు, పప్పు, కూరగాయలు తగ్గుతాయి. కడుపు నిండుతుంది కాబట్టి ఎవరికీ తేడా తెలియదు. నష్టం ఎక్కువగా పిల్లలకీ గర్భిణులకీ.

ఫీజుల సంగతి వేరు. అవి ఒకేసారి కట్టాలి, పొగాకు డబ్బు మాత్రం రోజూ చిల్లరగా జారిపోతుంది. నెలకి 6 చొప్పున ఏడాదికి 72, అంటే ఒక నెల ఆదాయంలో దాదాపు ముప్పావు వంతు. అది కూడబెట్టి ఉంటే ఫీజు గడువుకి వడ్డీకి అప్పు తేవాల్సిన పని ఉండకపోవచ్చు. నా దృష్టిలో అసలు దెబ్బ ఈ వడ్డీయే.

అయితే పొగాకు వాడే ఇళ్లనీ వాడని ఇళ్లనీ ఊరికే పోల్చేస్తే పొరపాటు పడతాం. రెండు ఇళ్ల అలవాట్లు ముందునుంచే వేరుగా ఉండొచ్చు, మద్యం ఖర్చూ కలిసి ఉండొచ్చు. ధర పెరిగినప్పుడు మానేసిన ఇంట్లో డబ్బు మిగులుతుంది, మానలేని ఇంట్లో మాత్రం కోత ఇంకా పెరుగుతుంది.