మెయిల్ టోన్ పైకి చదివి పట్టుకోవడం

మెయిల్‌ను పంపేముందు పైకి చదివితే, అవతలివాళ్లకు ఎలా అనిపిస్తుందో నిజంగా తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది, కానీ మీ మామూలు గొంతుతో కాకుండా, కాస్త చిరాకులో ఉన్న మనిషిలా చదివితేనే. మన రాతను మనమే చదువుకుంటే, మనసులోని మెత్తదనాన్ని గొంతు తెలియకుండానే కలిపేస్తుంది. చదివేవాళ్లకు ఆ గొంతు అందదు, మాటలే మిగులుతాయి.

"ఫైల్ సోమవారమే పంపాను కదా, చూడలేదా?" అన్నది తీసుకోండి. నవ్వుతూ అంటే గుర్తుచేయడమే. "సోమవారమే", "కదా" దగ్గర ఒత్తి చదివితే మాత్రం నిలదీసినట్టు ఉంటుంది. "ఫైల్ సోమవారం పంపాను, వీలు చూసుకుని చూడండి" అని మారిస్తే చిరాకు గొంతుతో చదివినా గుచ్చుకోదు.

తడబడకుండా చదవగలిగితే టోన్ బాగున్నట్టేనని చాలామంది అనుకుంటారు. దానివల్ల తెలిసేది వాక్యం సాఫీగా ఉందని మాత్రమే. కటువైన వాక్యాలు కూడా సాఫీగానే సాగుతాయి.