ఎంఎస్‌లో 3.0 తప్పింది, మిగిలిన సెమిస్టర్లలో ఎంత తెచ్చుకోవాలి?

ప్రశ్న: అన్నా, అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాను. మొత్తం 30 క్రెడిట్లు. మొదటి సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులకు బీ ప్లస్, బీ మైనస్, సీ వచ్చాయి. జీపీఏ 2.67. డిగ్రీకి 3.0 ఉండాలంటున్నారు. కుదురుతుందా? 3.5 మీద ఆశ పెట్టుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, కుదురుతుంది. అయితే ముందు జీపీఏను పక్కనపెట్టి పాయింట్లు చూడు. ట్రాన్‌స్క్రిప్టులో Quality Points అని ఉంటుంది. చాలా యూనివర్సిటీల్లో ఏ అంటే 4.0, ఏ మైనస్ 3.7, బీ ప్లస్ 3.3, బీ 3.0, బీ మైనస్ 2.7, సీ 2.0. ఒక్కోదాన్ని మూడు క్రెడిట్లతో హెచ్చవేసి కూడితే నీకు 24 పాయింట్లు వచ్చాయి. లెక్క ఇది:

```
(లక్ష్యం × మొత్తం క్రెడిట్లు − వచ్చిన పాయింట్లు) ÷ మిగిలిన క్రెడిట్లు

(3.0 × 30 − 24) ÷ 21 = 3.14
(3.5 × 30 − 24) ÷ 21 = 3.86
```

3.14 అనగానే "బీలు, మధ్యలో ఒకటి రెండు బీ ప్లస్‌లు చాలు" అనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. దీన్ని అప్పులా చూడు. తొమ్మిది క్రెడిట్లకు 27 పాయింట్లు ఉండాలి, నీకున్నవి 24, కాబట్టి అప్పు 3. బీ వస్తే ఆ అప్పులో ఒక్క పాయింటూ తీరదు. బీ ప్లస్ 0.9 తీరుస్తుంది, ఏ మైనస్ 2.1, ఏ అయితే మొత్తం 3. అంటే మిగిలిన ఏడు సబ్జెక్టుల్లో ఒక్క ఏ, ఆరు బీలు తెచ్చుకుంటే సరిగ్గా 3.0. మూడు బీ ప్లస్‌లు, నాలుగు బీలు అయితే 2.99, డిగ్రీ ఆగుతుంది. దాన్ని పైకి సవరించి 3.0 అంటారని నమ్ముకోకు. నాలుగో బీ ప్లస్ కావాల్సిందే. మధ్యలో ఒక్క బీ మైనస్ వచ్చినా అప్పు మళ్లీ 0.9 పెరుగుతుంది.

3.5కి దారి ఇరుకు, కానీ ఉంది. ఏడింటిలో నాలుగు ఏలు, మూడు ఏ మైనస్‌లు చాలు. లేదా ఆరు ఏలు, ఒక బీ. అంతకు మించి జారడానికి చోటు లేదు.

ఇప్పుడు హారం చూడాలి. ఆఖరి ఆరు క్రెడిట్లు ప్రాజెక్టో థీసిసో అయి, దానికి గ్రేడు లేకుండా పాస్/ఫెయిల్ మాత్రమే ఇస్తారనుకో. అవి డిగ్రీకి లెక్కకొస్తాయి, జీపీఏకు రావు. అప్పుడు 30 స్థానంలో 24, 21 స్థానంలో 15 వేయాలి. 3.0కి 3.2 కావాలి, ఐదింటిలో ఒక ఏ వచ్చి మిగతావి బీలైతే ఇక్కడా గట్టెక్కుతావు. 3.5కి మాత్రం సరిగ్గా 4.0 కావాలి, ఐదూ ఏలే రావాలి. వేరే యూనివర్సిటీ నుంచి బదిలీ చేసుకున్న క్రెడిట్లు కూడా సాధారణంగా ఇలాగే జీపీఏ బయట ఉంటాయి.

సెమిస్టర్ జీపీఏలను కూడి రెండుతో భాగించకు. సమ్మర్‌లో ఆరు క్రెడిట్లకు ఏ మైనస్, బీ వచ్చి 3.35 అయిందనుకో. 2.67తో సగటు తీస్తే 3.01, గండం గడిచినట్టే కనిపిస్తుంది. అసలు లెక్క 44.1 పాయింట్లు, 15 క్రెడిట్లు, అంటే 2.94.

నాకు అన్నిటికన్నా దిగులు డబ్బు గురించే. 27 క్రెడిట్లయ్యాక 78.9 పాయింట్లు ఉన్నాయనుకో. చివరి సబ్జెక్టులో ఏ మైనస్ వస్తే సరిగ్గా 90. బీ వస్తే 2.93. అప్పుడు ఇంకో సబ్జెక్టు తీసుకోవాలి, అందులోనూ కనీసం ఏ మైనస్ రావాలి. బీ వస్తే అప్పు అక్కడే ఉంటుంది, ఫీజు పోతుంది. క్రెడిట్‌కు 1,000 డాలర్లు అయితే మూడు వేలు, దానిమీద అద్దె, ఇన్సూరెన్స్. ఇంటి దగ్గర నాన్న బ్యాంకు లోనుకు వడ్డీ కడుతూనే ఉంటాడు. ఐ-20 గడువు పొడిగింపు కూడా తేలిక కాదు: జీపీఏ తగ్గి ప్రొబేషన్‌లో పడటం వల్ల జరిగిన ఆలస్యాన్ని ఎఫ్-1 నిబంధనలు సరైన కారణంగా ఒప్పుకోవు. ఆ వివరాలు మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో కనుక్కో.

అందుకే రావాల్సిన ఏను చివరికి దాచుకోకు. నీకు బలమున్న సబ్జెక్టును వచ్చే సెమిస్టర్‌లోనే పెట్టుకో. సీ వచ్చినదాన్ని మళ్లీ రాసే ముందు, పాత గ్రేడు తీసేస్తారా, రెండూ కలిపి లెక్కిస్తారా అని గ్రాడ్యుయేట్ ఆఫీసును ఈమెయిల్‌లో అడుగు. తీసేస్తే, అక్కడ బీ వచ్చినా మూడు పాయింట్ల అప్పూ ఒక్కసారిగా పోతుంది. కలిపి లెక్కిస్తే, అదే బీ అప్పును కదపదు, ఫీజు మాత్రం రెండోసారి కట్టాలి.