వాచీ కనెక్టయ్యే ఉంది, మెసేజ్‌లే రావడం లేదు

ప్రశ్న: నా స్మార్ట్‌వాచీ బ్లూటూత్‌లో ఎప్పుడూ కనెక్టెడ్ అనే చూపిస్తుంది. కాల్ వస్తే మోగుతుంది. వాట్సాప్, బ్యాంకు మెసేజ్‌లు మాత్రం కొంతసేపటికి ఆగిపోతున్నాయి. వాచీ యాప్ తెరిస్తే మళ్లీ వస్తున్నాయి. వాచీ పాడైనట్టేనా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: వాచీ బాగానే ఉంది. కాల్ మాట్లాడే సౌకర్యమున్న వాచీలు చాలావరకు ఫోన్‌తో రెండు లంకెలు పెట్టుకుంటాయి. కాల్ శబ్దాన్ని మోసే లంకెను ఫోనే నేరుగా నడుపుతుంది; సెట్టింగ్స్‌లో మీకు కనిపిస్తున్న కనెక్టెడ్ దానిదే. మెసేజ్‌లు వెళ్లే రెండో లంకె వాచీ యాప్ చేతిలో ఉంటుంది. ఫోన్‌లోకి వచ్చిన ప్రతి నోటిఫికేషన్‌ను ఆ యాప్ చదివి వాచీకి పంపాలి. స్క్రీన్ ఆపి ఫోన్‌ను కాసేపు పక్కన పెట్టగానే బ్యాటరీ పొదుపు ఏర్పాటు ఆ యాప్‌ను నిలిపివేస్తే, కాల్ లంకె అలాగే ఉంటుంది, మెసేజ్‌ల దారి మూసుకుపోతుంది. యాప్ తెరవగానే మెసేజ్‌లు రావడమే ఇందుకు గట్టి ఆనవాలు.

సెట్టింగ్స్‌లో Apps తెరిచి, వాచీ యాప్‌ను ఎంచుకుని, Battery దగ్గర Unrestricted పెట్టండి. కొన్ని ఫోన్లలో Autostart అనే మరో అనుమతి విడిగా ఉంటుంది, దాన్నీ ఇవ్వాలి. వినియోగదారు తానుగా పెట్టుకున్న యాప్‌ను కూడా అడగకుండా ఆపేసి, ఆ మాట ఎక్కడా తెలియజేయని ఈ పొదుపు పద్ధతిని నేను నిర్లక్ష్యపు రూపకల్పన అనే అంటాను. అయినా మెసేజ్‌లు రాకపోతే, నోటిఫికేషన్ యాక్సెస్ అనుమతిని ఒకసారి తీసేసి మళ్లీ ఇచ్చి, ఫోన్ రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత ఫోన్‌ను గంటసేపు కదపకుండా ఉంచి, ఇంట్లో ఎవరితోనైనా మెసేజ్ పెట్టించి చూడండి. చేతిలో పట్టుకుని చేసే పరీక్షలో ఈ లోపం బయటపడదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఆ నోటిఫికేషన్ యాక్సెసే. అది ఉన్న యాప్ బ్యాంకు ఓటీపీతో సహా మీ ఫోన్‌లో కనిపించే ప్రతి సందేశాన్నీ చదవగలదు. వాచీకి ఏ ఏ యాప్‌ల మెసేజ్‌లు వెళ్లాలో యాప్ లోపల మీరు ఎంచుకున్నా, వాచీకి పంపేవి మాత్రమే తగ్గుతాయి, యాప్‌కు ఉన్న చదివే హక్కు తగ్గదు. ఆండ్రాయిడ్ 15లో తెలియని యాప్‌లకు ఓటీపీలు కనబడకుండా చేసే రక్షణ వచ్చింది కానీ, మన దగ్గర పాత ఫోన్లు ఇంకా చాలామంది చేతుల్లో ఉన్నాయి. వరంగల్‌లో చవకగా దొరికే వాచీల డబ్బా మీది క్యూఆర్ కోడ్ ప్లే స్టోర్‌కు కాక, ఏదో తెలియని సైట్‌కు తీసుకెళ్తే ఆ యాప్‌ను వేసుకోకండి. అలా బయటి నుంచి వేసిన యాప్‌కు ఈ అనుమతి ఇవ్వబోతే ఆండ్రాయిడ్ 13, ఆపై ఫోన్లు Restricted setting అని అడ్డుకుంటాయి. వీడియోలు చూసి ఆ అడ్డును తొలగించుకోవడమంటే ఓటీపీలను అపరిచితుల చేతిలో పెట్టడమే. వాచీ వాడడం మానేశాక కూడా దాని యాప్ ఫోన్‌లో ఉన్నంతకాలం ఈ అనుమతి సాగుతూనే ఉండవచ్చు కాబట్టి, పాత వాచీల యాప్‌లు ఏవైనా మిగిలి ఉంటే ఈరోజే తీసేయండి.