స్లీప్ టైమర్ పడుకోబెడుతుంటే సెట్‌టాప్ బాక్స్ లేపుతోంది

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఆఫీసు కాల్స్ అయ్యేసరికి రాత్రి పదకొండున్నర. బెడ్‌రూమ్ టీవీ చూస్తూ నిద్రపోతాను కాబట్టి గంటకు స్లీప్ టైమర్ పెడుతున్నా. టైముకి ఆగిపోతోంది. కానీ వారంలో రెండు మూడు సార్లు తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే టీవీ మళ్లీ వెలుగుతూ ఉంటోంది! ఇంకోటి, ఆరున్నరకు భక్తి ఛానెల్ పాటలతో లేద్దామని ఆన్ టైమర్ పెట్టా. టీవీ వస్తుంది గానీ No Signal అని చూపించి కాసేపటికి ఆగిపోతోంది. డీటీహెచ్ బాక్స్ HDMI 1లో ఉంది. అమ్మేమో రాత్రి గోడ స్విచ్ తీసేస్తే గోలే ఉండదంటుంది. టీవీ పాడైందంటారా?

జవాబు: పాడవలేదండీ. మీరు టైమర్ పెట్టింది టీవీకి. పొద్దున మీకు పాటలు వినిపించాల్సింది బాక్స్. ఆ టైమర్ సంగతి బాక్స్‌కి తెలియదు, బాక్స్ పడుకుందో లేచి ఉందో టైమర్ పట్టించుకోదు. మీ రెండు సమస్యలూ ఇక్కడే మొదలవుతున్నాయి.

టీవీకీ బాక్స్‌కీ మధ్య ఉన్న హెచ్‌డీఎంఐ కేబుల్‌లో బొమ్మ, శబ్దంతో పాటు చిన్న చిన్న ఆదేశాలు కూడా వెళ్తుంటాయి. ఈ ఏర్పాటు పేరు హెచ్‌డీఎంఐ-సీఈసీ. టీవీ మెనూలో ఈ పేరు కనిపించకపోవచ్చు, ఎందుకంటే ఒక్కో కంపెనీ తన సొంత పేరు తగిలించుకుంది. శామ్‌సంగ్‌లో Anynet+, ఎల్‌జీలో SIMPLINK, సోనీలో BRAVIA Sync. ఇది ఆన్‌లో ఉందన్న సంగతే చాలామందికి తెలియదు.

మీ విషయంలో ముఖ్యమైన ఆదేశాలు రెండు. టీవీ ఆగిపోయేటప్పుడు కేబుల్‌కి అవతల ఉన్నవాటికి ‘మీరూ పడుకోండి’ అని చెబుతుంది. బాక్స్ లేచినప్పుడు టీవీకి ‘నేను లేచాను, నువ్వూ లేచి నన్ను చూపించు’ అని చెబుతుంది. ఈ రెండోదాన్ని One Touch Play అంటారు. పగటిపూట ఇది హాయిగానే ఉంటుంది, బాక్స్ రిమోట్ ఒక్కటి నొక్కితే టీవీ కూడా వచ్చేస్తుంది. అర్ధరాత్రి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కోసమో మరో పని మీదో బాక్స్ తనంతట తాను రీస్టార్ట్ అయిందనుకోండి, అప్పుడూ అదే ఆదేశం పంపేయగలదు. మనుషులు నిద్రలో ఉన్నారని దానికేం తెలుసు!

చెన్నై వేళచ్చేరిలో అద్దెకున్నప్పుడు మా ఇంట్లోనూ ఇదే జరిగింది. రాత్రి మూడింటికి హాల్లోంచి మాటలు వినిపిస్తే దొంగలనుకుని మా ఆవిడ నన్ను లేపింది. నేను చీపురు పట్టుకుని వెళ్లి చూస్తే టీవీలో వంటనూనె ప్రకటన. వారం రోజులు టీవీనే తిట్టుకున్నాం, తీరా చూస్తే అది బాక్స్ పని.

మీ ఇంట్లోనూ బాక్సే చేస్తోందని నా అనుమానం. అయినా సెట్టింగులు మార్చే ముందు రూఢి చేసుకోండి. ఈసారి టీవీ దానంతట అది వెలిగితే, రిమోట్ ముట్టుకోకుండా ముందు తెరమీద ఏముందో చూడండి. బాక్స్ హోమ్ స్క్రీనో, ఛానెలో కనిపిస్తే బాక్స్ లేపినట్టు. యూట్యూబ్ వీడియో నడుస్తుంటే ఇంట్లో ఎవరో ఫోన్‌లోంచి ఈ టీవీకి కాస్ట్ చేసి ఉంటారు, అదీ వైఫై మీదుగా టీవీని లేపగలదు. టీవీ సొంత హోమ్ స్క్రీన్ ఉండి, అదే సమయంలో కరెంటు పోయి వచ్చి ఉంటే, కరెంటు రాగానే తనే ఆన్ అయ్యే రకం టీవీ కావచ్చు.

రాత్రి లేచి చూసే ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది. పడుకునే ముందు బాక్స్ హెచ్‌డీఎంఐ కేబుల్ ఊడదీసి, టీవీని మామూలుగా స్టాండ్‌బైలో వదిలేయండి. ఒక్క రాత్రి చూసి తేల్చేయకండి. మీకు వారంలో రెండు మూడు సార్లే జరుగుతోంది కాబట్టి కనీసం వారం రోజులు చూడాలి. ఆ వారమంతా టీవీ నిద్ర లేవకపోతే ఇక అనుమానం అక్కర్లేదు. ఈ వారం ఆన్ టైమర్‌ని తాత్కాలికంగా ఆపేయడం మరిచిపోకండి, లేకపోతే ఆరున్నరకు అదే లేపి మిమ్మల్ని తికమక పెడుతుంది.

బాక్సేనని తేలితే, మందు ముందు బాక్స్‌లోనే వెతకండి. ఆండ్రాయిడ్ బాక్స్ అయితే సెట్టింగ్స్‌లో HDMI-CEC అనే చోట One Touch Play ఉండొచ్చు, ఉంటే దాన్ని ఆపండి. బాక్స్‌లో ఆ వీలు లేకపోతే టీవీ వైపు చూడండి. సోనీ లాంటి కొన్ని టీవీల్లో ‘బాక్స్ వల్ల టీవీ ఆన్ కావడం’, ‘టీవీతో పాటు బాక్స్ ఆగిపోవడం’ రెండు వేరువేరు స్విచ్‌లుగా ఉంటాయి. మొదటిది ఆపితే చాలు. అలా విడిగా లేని టీవీలో మొత్తం సీఈసీనే ఆపేయాలి. దానివల్ల నష్టం ఏమిటంటే రెండు రిమోట్లు వాడాల్సి వస్తుంది. సౌండ్‌బార్ ఉంటే టీవీ రిమోట్‌తో దాని వాల్యూమ్ కూడా మారకపోవచ్చు, కాబట్టి ఉన్నవాళ్లు ఆలోచించి ఆపండి.

ఇక ఆరున్నర సంగతి. టీవీ చెప్పిన టైముకే లేచి HDMI 1కి వెళ్తోంది, అంటే ఆన్ టైమర్ తన పని చేసింది. అక్కడ బాక్స్ నిద్రపోతోంది కాబట్టి No Signal. సిగ్నల్ లేకుండా ఓ పావుగంట గడిస్తే చాలా టీవీలు ఆగిపోతాయి, మీది ఆగిపోవడానికీ అదే కారణమనుకుంటా. మరి బాక్స్‌ని ఎవరు పడుకోబెట్టారు? ఇద్దరు అనుమానితులున్నారు. రాత్రి పన్నెండున్నరకు స్లీప్ టైమర్‌తో టీవీ ఆగుతూ బాక్స్‌ని కూడా పడుకోమని చెప్పి ఉండొచ్చు. లేదా బాక్స్‌కే సొంత ఆటో స్టాండ్‌బై ఉండొచ్చు. ఉదాహరణకు నాలుగు గంటలపాటు రిమోట్ నొక్కకపోతే పడుకునేలా అది సెట్ అయి ఉందనుకుందాం. మీరు చివరగా పన్నెండింటికి రిమోట్ ముట్టుకుంటే నాలుగింటికల్లా అది నిద్రలోకి జారుకుంటుంది.

ఎవరో తేల్చడం తేలిక. రేపు సాయంత్రం తీరిగ్గా ఉన్నప్పుడు టీవీ రిమోట్‌తో టీవీని మాత్రమే ఆపి, బాక్స్ ముందున్న లైటు చూడండి. టీవీతో పాటే లైటు రంగు మారితే టీవీయే పడుకోబెట్టింది, ‘టీవీతో పాటు బాక్స్ ఆగిపోవడం’ అన్న స్విచ్ ఆపేయండి. లైటు మారకుండా పొద్దున్నకి మాత్రమే మారి ఉంటే బాక్స్ సెట్టింగ్స్‌లో ఆటో స్టాండ్‌బైని ఆపండి. రెండూ ఉంటే రెండూ ఆపాల్సిందే.

అలా చేస్తే బాక్స్ రాత్రంతా మేలుకునే ఉంటుంది. కరెంటు దండగ కదా అంటారా? బాక్స్ 10 వాట్లు తీసుకుంటుందనుకుంటే, పన్నెండున్నర నుంచి ఆరున్నర దాకా ఆరు గంటలకి 0.06 యూనిట్, నెలకి రెండు యూనిట్ల లోపే. అదే 80 వాట్ల టీవీ ఒంటిగంట నుంచి ఆరింటి దాకా ఊరికే వెలిగితే రాత్రికి 0.4 యూనిట్, నెలంతా అలా జరిగితే 12 యూనిట్లు. పొదుపు చేయాల్సింది టీవీ దగ్గర, బాక్స్ దగ్గర కాదు.

ఆన్ టైమర్ పేజీలోనే ఇన్‌పుట్, వాల్యూమ్ అడిగే టీవీలున్నాయి. మీదాంట్లో ఉంటే వాల్యూమ్ తప్పకుండా పెట్టండి. లేకపోతే రాత్రి పక్కవాళ్లకి ఇబ్బంది కాకూడదని మీరు 6కి తగ్గించిన వాల్యూమ్‌తోనే పొద్దున పాటలు గొణుగుతాయి. అలాగే రాత్రి నిద్రపోయే ముందు బాక్స్‌ని భక్తి ఛానెల్ మీద వదిలేయాలి, ఎందుకంటే ఛానెల్ మార్చేది బాక్స్, టీవీ టైమర్ కాదు. బాక్స్ రాత్రి రీస్టార్ట్ అయితే కొన్నింట్లో హోమ్ స్క్రీన్ దగ్గరే ఆగిపోతుంది, ఆ రోజు పాటలు రావు. అందుకని ఆఫీసు రోజుల్లో ఫోన్ అలారం కూడా ఉంచుకోండి.

గోడ స్విచ్ దగ్గర మాత్రం అమ్మగారితో ఒప్పందానికి రావాలి. స్విచ్ తీసేస్తే టీవీ నడిరాత్రి లేవదు, నిజమే. ఆరున్నరకు కూడా లేవదు. ఆన్ టైమర్ పనిచేయాలంటే టీవీ స్టాండ్‌బైలో ఉండాలి, లోపల గడియారం నడుస్తూ ఉండాలి. స్టాండ్‌బైలో టీవీ అర వాటు తీసుకుంటుందనుకుంటే, ఏడాది పొడవునా అలాగే ఉన్నా అయ్యేది నాలుగున్నర యూనిట్ల లోపే. ఆ లెక్క ఆవిడకి చెప్పి చూడండి. పిడుగుల వాన పడే రాత్రి మాత్రం ఆవిడ మాటే వినండి, ప్లగ్ తీసేయండి.

కరెంటు పోయి వచ్చే ఇళ్లలో ఇంకో మెలిక ఉంది. కరెంటు పోతే కొన్ని టీవీల గడియారం చెదిరిపోతుంది, మళ్లీ ఇంటర్నెట్ దొరికేదాకా సరైన టైము తెలియదు. రాత్రి రౌటర్ ఆపేసే అలవాటు ఉన్నవాళ్లకి ఆన్ టైమర్ ఒక్కోరోజు పనిచేయక, ఎందుకో అర్థం కాకపోవడానికి ఇదొక కారణం. ఆ పొద్దున టీవీ సెట్టింగ్స్‌లో టైము ఒకసారి చూస్తే తెలిసిపోతుంది.

చివరగా మీ స్లీప్ టైమర్. అది ఒక్క రాత్రికే, రేపు మళ్లీ పెట్టుకోవాలి. శామ్‌సంగ్‌లో Sleep Timer గరిష్ఠంగా 180 నిమిషాలు. మీరు అరగంటలో నిద్రపోయేవారైతే గంట ఎందుకు, 30 నిమిషాలు పెట్టండి. నిద్ర పట్టకపోతే, ఆగే ముందు చాలా టీవీలు తెరమీద హెచ్చరిస్తాయి, అప్పుడు పొడిగించుకోవచ్చు. పెట్టడం మరిచిపోయే రాత్రుల కోసం, మీ టీవీలో రోజూ ఒకే టైముకి ఆపే Off Timer ఉంటే ఒంటిగంటకి పెట్టి వదిలేయండి. శనివారం రాత్రి మ్యాచ్ చివరి ఓవర్‌లో టీవీ ఆరిపోతే నన్ను తిట్టుకోవద్దు, వారంలో రోజులు ఎంచుకునే వీలుంటే ఆదివారం తీసేయండి, ఎందుకంటే శనివారం రాత్రి ఒంటిగంట అంటే టీవీ గడియారంలో అప్పటికే ఆదివారం.

ఏ కంపెనీ టీవీయో మీరు రాయలేదు. సెట్టింగ్స్‌లో Time అన్నా Timers అన్నా కనిపించే చోట ఇవన్నీ ఉంటాయి. కొన్ని టీవీలు ఆన్ టైమర్‌తో లేచాక రెండు గంటలు ఎవరూ రిమోట్ ముట్టుకోకపోతే వాటంతట అవే ఆగిపోతాయి కూడా. ఆరున్నరకు మొదలై ఎనిమిదిన్నరకు ఆగిపోతే మళ్లీ పాడైందనుకుని ఉత్తరం రాయకండి.